కట్టిన ప్రీమియమే కట్టలేదంటే: సర్దుబాటు అడగాలా, రివైవల్ కట్టెయ్యాలా?

ఈ రెండు నెలల్లో ఇదే ప్రశ్న నన్ను నలుగురు అడిగారు. "ప్రీమియం కట్టాను, రసీదు ఉంది, అయినా పాలసీ ల్యాప్స్ అయిందని ఉత్తరం వచ్చింది. బ్రాంచికి వెళ్తే ఆగిన పాలసీని మళ్లీ మొదలుపెట్టే రివైవల్ కట్టమంటున్నారు. కట్టెయ్యనా, కొట్లాడనా?" మా బావగారి విషయంలో ఈ మధ్యే ఇది తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి ఆ ఫైలునే ముందు పెట్టుకుని చెబుతాను.

ఆయనది 2016 మార్చిలో తీసుకున్న ఎండోమెంట్ పాలసీ. ఆరు నెలలకోసారి 12,258 రూపాయలు. 2024 మార్చి 28న కట్టాల్సిన వాయిదాను ఏప్రిల్ 24న ఫోన్‌లో యూపీఐ ద్వారా కట్టారు. అర్ధ సంవత్సరపు వాయిదాకు 30 రోజుల గ్రేస్ ఉంటుంది కాబట్టి గడువులోనే కట్టినట్టు. యాప్‌లో పచ్చ టిక్కు పడింది, బ్యాంకులో డబ్బు తెగింది. అక్టోబరు మొదటి వారంలో సెప్టెంబరు వాయిదా కట్టబోతే యాప్ "బ్రాంచిని సంప్రదించండి" అంది. సర్వర్ సమస్యేమో అనుకుని వదిలేశారు. డిసెంబరులో ల్యాప్స్ ఉత్తరం వచ్చింది.

కౌంటర్‌లో ఉన్నాయన మంచివాడే. "సార్, మీరు కట్టలేదని నేననట్లేదు. సిస్టమ్‌లో లేదు. రెండు వాయిదాలు, వడ్డీ కలిపి కట్టేసి ఈ ఆరోగ్య ఫారం మీద సంతకం పెట్టండి. పది నిమిషాల పని. పాత డబ్బు తర్వాత వెతుకుదాం" అన్నాడు. బావగారు పెన్ను తీశారు కూడా. "పోతే వెయ్యి రూపాయల వడ్డీ పోతుంది, దీనికోసం ఎవడు తిరుగుతాడు?" అన్నారు నాతో.

వడ్డీ సంగతి నాకు పట్టలేదు. నేను ఆపమన్నది ఆ ఆరోగ్య ఫారం దగ్గర. బ్రాంచిలో దాన్ని డీజీహెచ్ అంటారు, అంటే 'నేను ఆరోగ్యంగా ఉన్నాను' అనే ప్రకటన. బావగారికి జులైలో షుగర్ బయటపడింది. పాలసీ తీసుకున్న 2016లో లేదు. పాలసీ నడుస్తూనే ఉంటే మధ్యలో వచ్చిన షుగర్‌తో కంపెనీకి పని లేదు. రివైవల్ అడిగితే మాత్రం ఉంది. రాస్తే అదనపు ప్రీమియం వెయ్యొచ్చు, పరీక్షలు చేయించమనొచ్చు, అసలు కుదరదనీ అనొచ్చు. రాయకపోతే అది దాచిపెట్టినట్టు.

దాచితే ఏమవుతుందో బీమా చట్టంలోని 45వ సెక్షన్ చెబుతుంది. పాలసీకి మూడేళ్లు నిండాక 'తప్పు సమాచారం ఇచ్చారు' అని చెప్పి కంపెనీ క్లెయిమ్‌ను ప్రశ్నించడానికి లేదు. ఏ కారణంతోనూ లేదు. 2015 సవరణ తర్వాత ఉన్న రూపం ఇది. అయితే ఆ మూడేళ్లను పాలసీ ఇచ్చిన తేదీ, రిస్కు మొదలైన తేదీ, రివైవల్ తేదీ, అదనపు రక్షణగా రైడర్ చేర్చిన తేదీ, వీటిలో ఏది చివరిదైతే అక్కడి నుంచి లెక్కపెడతారు. బావగారి పాలసీ 2019లోనే ఆ గీత దాటేసింది. కౌంటర్‌లో ఆ పది నిమిషాల పని పూర్తి చేసి ఉంటే లెక్క 2024 డిసెంబరు నుంచి మళ్లీ మొదలయ్యేది. తప్పు వాళ్ల ఖాతాల్లో ఉంటే, ఎనిమిదేళ్ల పాత పాలసీని కొత్తపెళ్లికూతురిలా మళ్లీ పరీక్షకు నిలబెట్టినట్టు.

నా మట్టుకు ఏది మేలన్నది ఇక్కడే తేలిపోతుంది. సర్దుబాటు అంటే 'నేను కట్టాను, కట్టిన తేదీన జమ వేసి పాలసీని అలాగే కొనసాగించండి' అనడం. రివైవల్ అంటే 'ఆగిపోయింది, మళ్లీ మొదలుపెట్టండి' అనడం. డబ్బు లెక్కలో తేడా వెయ్యో రెండు వేలో. తర్వాతెప్పుడో ఇంటివాళ్లు క్లెయిమ్‌కు వెళ్లినప్పుడు మాత్రం ఆ తేడా చాలా పెద్దది.

కాకపోతే సర్దుబాటు అడిగే ముందు, నిజంగా కట్టామా అన్నది చూసుకోవాలి. యాప్‌లో పచ్చ టిక్కు రుజువు కాదు. డబ్బు తెగి అవతల జమ అయినట్టు ఖరారు కాకపోతే, యూపీఐలో వ్యాపార చెల్లింపును ఐదు రోజుల్లోగా దానంతట అదే ఖాతాకు తిప్పి పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. కాబట్టి కట్టిన రోజు తర్వాతి పది రోజుల స్టేట్‌మెంట్ తీసి, అదే మొత్తం వెనక్కి వచ్చిందేమో వెతకండి. నన్ను అడిగిన నలుగురిలో ఒకావిడకు అలాగే వచ్చింది, చూసుకోలేదు. ఆమెకు సర్దుబాటు లేదు, రివైవలే దారి. బావగారికి వెనక్కి రాలేదు. డబ్బు కంపెనీ ఖాతాకు చేరింది, పాలసీ నంబరుకు జత కాలేదు. ఇలాంటివి ఏ పాలసీదో తేలని డబ్బు ఉంచే సస్పెన్స్ ఖాతాలో పడి ఉంటాయి. వాటిని బయటికి లాగేది స్టేట్‌మెంట్‌లో ఆ వరుసలో ఉండే లావాదేవీ నంబరు ఒక్కటే.

డబ్బు ఏజెంటు చేతికిస్తే కథ వేరు. అదే రోజు చిట్టీ రాసిచ్చాడు కదా అనుకుంటాం. హర్షద్ షా కేసులో పాలసీదారు వాయిదా చెక్కును ఏజెంటుకిచ్చాడు, అది కంపెనీకి గడువులో చేరలేదు, ఆయన చనిపోయాడు. ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంటుకు లేదు కాబట్టి ఏజెంటుకిస్తే ఎల్ఐసీకి ఇచ్చినట్టు కాదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. వసూలు చేసిన డబ్బును ఏజెంటు 24 గంటల్లో జమ చెయ్యాలని చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతున్నా, మీ చేతిలో కంపెనీ రసీదు లేకపోతే వాదన బలహీనమే. జీతంలో కోత పడే పాలసీలకు మాత్రం ఇది వర్తించదు. యజమాని కోసి పంపకపోతే ఆ భారం ఉద్యోగి కుటుంబం మీద పడకూడదని 1999లో బాసంతీ దేవి కేసులో అదే కోర్టు చెప్పింది. వాళ్లకు పే స్లిప్పులే రసీదులు.

ఇక ఉత్తరం. పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు. మేం ఇచ్చింది ఇంతే:

"నా పాలసీకి 28-03-2024 వాయిదా రూ. 12,258ను గ్రేస్ గడువులోనే, 24-04-2024న యూపీఐ ద్వారా చెల్లించాను. లావాదేవీ నంబరు జత చేసిన స్టేట్‌మెంట్‌లో గుర్తు పెట్టాను. ఆ డబ్బు నాకు తిరిగి రాలేదు. దాన్ని 24-04-2024 తేదీతోనే జమ వేసి, పాలసీ ఆగకుండా కొనసాగుతున్నట్టు రికార్డు సరిచేయండి. మీ రికార్డులో ల్యాప్స్ అని ఉండటం వల్ల సెప్టెంబరు వాయిదాను యాప్ తీసుకోలేదు. ఆ మొత్తాన్ని ఈ రోజే కట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఇది రివైవల్ దరఖాస్తు కాదు."

చివరి వాక్యం తప్పనిసరి. అది లేకపోతే ఉత్తరాన్ని రివైవల్ ఫైలులోనే పెట్టేస్తారు. జతగా ఏప్రిల్, మే నెలల స్టేట్‌మెంటు, యాప్ రసీదు, దాని ముందు వాయిదా రసీదు, ల్యాప్స్ ఉత్తరం, అక్టోబరులో యాప్ నిరాకరించిన తెర ఫొటో పెట్టాం. డిసెంబరు 11న ఇచ్చి, రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకున్నాం.

సెప్టెంబరు వాయిదా గురించి ఎందుకు రాశామంటే, చాలామంది ఇరుక్కునేది అక్కడే. మార్చి వాయిదాను సర్దుబాటు చేసినా సెప్టెంబరుది మిగిలే ఉంటుంది, దాని గ్రేస్ కూడా అక్టోబరులోనే అయిపోయింది. అంటే ఒక తప్పు సరిదిద్దించుకుని రెండో కారణంతో మళ్లీ ల్యాప్స్‌లోనే ఉంటాం. పైగా 'మొదటి చెల్లించని వాయిదా' మార్చి నుంచి సెప్టెంబరుకు జరగడమే ఒక లాభం. వాయిదా తప్పి ఆరు నెలలు దాటకపోతే ఆరోగ్య ప్రకటన అడగకుండా వడ్డీతో తీసుకునే పద్ధతి ఉంది. మార్చి నుంచి లెక్కేస్తే మాకు ఆ గడువు దాటిపోయింది, సెప్టెంబరు నుంచి లెక్కేస్తే దాటలేదు. మీ కంపెనీలో ఆ గడువు ఎంతో ముందే అడగండి.

రివైవల్‌కూ ఒక బలం ఉంది, దాన్ని దాచను. రివైవల్ ఆమోదమైన రోజు నుంచి కవరేజీ ఉన్నట్టే. సర్దుబాటు తేలేవరకు మాత్రం పాలసీ కాగితం మీద ల్యాప్స్‌గానే ఉంటుంది. ఈలోపు ఏదైనా జరిగితే రసీదులు పట్టుకుని ఇంటివాళ్లు వాదించాలి. పాలసీకి ఇంకా మూడేళ్లు నిండని, ఆరోగ్యంలో దాచడానికేమీ లేని ముప్పై ఏళ్ల మనిషికైతే కట్టేసి, పాత డబ్బు వాపసు అడగమనే చెబుతాను. కట్టేటప్పుడు 'గతంలో చెల్లించిన హక్కును వదులుకోకుండా కడుతున్నాను' అని ఒక ముక్క రాసిస్తే చాలు. ఫారంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి. సాధారణ పాలసీలకు రివైవల్ గడువు మొదటి బాకీ వాయిదా నుంచి ఐదేళ్లు, మార్కెట్‌తో ముడిపడిన యూలిప్‌లకు మూడేళ్లు. కాబట్టి సర్దుబాటుకు ఒకటి రెండు నెలలు కేటాయించినంత మాత్రాన రివైవల్ దారి మూసుకుపోదు.

కొత్త పాలసీ తీసుకోవడం మూడో దారి. పెరిగిన వయసుకు పెరిగిన ప్రీమియం, మళ్లీ మూడేళ్ల లెక్క. దీని గురించి ఇంతకంటే చెప్పను.

బ్రాంచి పట్టించుకోకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చెయ్యండి, లేదా 155255కు ఫోన్ చెయ్యండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్ కార్యాలయమే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న తర్వాత ఏడాది లోపు వెళ్లాలి. ఇది సర్దుబాటుకు పోటీ దారి కాదు, దాని తర్వాతి మెట్టు. ముద్ర పడిన ఆ రెండో ప్రతి లేకుండా ఇక్కడికి వెళ్లినా లాభం లేదు.

మాకు అంత దూరం పోవాల్సిన పని పడలేదు. రెండుసార్లు ఫోన్ చేశాక అకౌంట్స్ విభాగంవాళ్లు లావాదేవీ నంబరుతో డబ్బు పట్టుకున్నారు. మార్చి వాయిదా ఏప్రిల్ 24 తేదీతోనే జమ పడింది. సెప్టెంబరుదానికి వడ్డీ మాఫీ చెయ్యమన్నాం, చెయ్యలేదు, మూడు వందల చిల్లర తీసుకున్నారు. దాన్ని ఆలస్య రుసుముగా రసీదులో రాయించుకున్నాం. ఆరోగ్య ఫారం అడగలేదు. జనవరి రెండో వారంలో తీసుకున్న స్టేటస్ ప్రింటులో రివైవల్ తేదీ గడి ఖాళీగా ఉంది. బావగారు ఆ కాగితాన్ని పాలసీ బాండుకే పిన్ను కొట్టి పెట్టారు.