పదికి తగ్గితే కలిపేయడం: యాడ్ రిపోర్టుల్లో రెండేళ్లు పాటించాక నా అనుభవం

విజయవాడలో ఒక సంతాన సాఫల్య కేంద్రానికి మేం ఫేస్‌బుక్, గూగుల్ యాడ్స్ నడుపుతాం. యాడ్ చూసి తమ వివరాలు ఇచ్చినవాళ్ల, అంటే లీడ్ల, లెక్కలతో నెలనెలా లుకర్ స్టూడియోలో రిపోర్టు చేసి లింకు పంపుతాం. ఆ లింకు యాజమాన్యం దగ్గరే ఆగదు. బ్రాంచి మేనేజర్లకు, రిసెప్షన్‌కు, వీడియోలు తీసేవాళ్లకు కూడా చేరుతుంది. రెండేళ్ల కిందట ఒక మీటింగులో రిపోర్టు తెరిచి ఉండగా అక్కడి ఉద్యోగి ఒకావిడ, "కంకిపాడు, 35–44, మహిళ, లీడ్ ఒకటి. ఈమె మా వీధిలో ఆవిడే అయ్యుంటుంది" అన్నారు. రిపోర్టులో పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. అయినా మనిషి దొరికిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి పదిమంది కంటే తక్కువ ఉన్న ఏ వరుసనూ బయటికి పంపడం లేదు. గూగుల్ యాడ్స్ డేటా హబ్‌లో ఫలితం రావాలంటే ఒక్కో వరుసలో మామూలుగా కనీసం 50 మంది యూజర్లు ఉండాలి, క్లిక్కులూ కన్వర్షన్లూ మాత్రమే చూస్తే 10 చాలు. మా లీడ్లు నెలకు నూటయాభై దాటవు కాబట్టి 10 తీసుకున్నాం. షీటులో ఊరు A కాలమ్‌లో, లీడ్ల సంఖ్య B కాలమ్‌లో ఉంటే ఇంతే:

```
=IF(B2<10,"ఇతరాలు",A2)
```

దీనిమీద పివట్ వేస్తే చిన్న ఊళ్లన్నీ ఒక వరుసలోకి వస్తాయి. పని అయిపోయిందనుకున్నాను. కాలేదు.

ఒక నెల బెంజ్ సర్కిల్ 52, పటమట 38, గన్నవరం 27, ఉయ్యూరు 19 వచ్చాయి. పదికి తగ్గింది కంకిపాడు ఒక్కటే, అది "ఇతరాలు" అయింది. కానీ మొత్తం 140 అని పైన పెద్ద అక్షరాల్లో ఉంది. కనిపించే నాలుగూ కలిపితే 136, కాబట్టి మిగిలింది 4. అంటే దాచినట్టే దాచలేదు. ఇప్పుడు "ఇతరాలు" కూడా పదికి తగ్గితే దానికంటే పైనున్న చిన్న ఊరిని అందులో కలుపుతాం. ఆ నెల "ఉయ్యూరు, కంకిపాడు: 23" అని పంపాం. రెండూ మచిలీపట్నం రోడ్డు మీదే కాబట్టి యాడ్ ఖర్చు లెక్కకు కూడా ఆ జత పనికొచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫిల్టర్లు. ఊరి టేబుల్లో అన్నీ పదికి పైనే, వయసు టేబుల్లో అన్నీ పదికి పైనే. కానీ చూసేవాళ్లు గన్నవరం, 35–44, నిన్నటి తేదీ అని వరుసగా ఎంచుకుంటే ఒక్కరే మిగులుతారు. మనం పెట్టిన గీత మొత్తం డేటాకే గానీ ఫిల్టర్ చేశాక వచ్చే ముక్కకు వర్తించదు. అందుకే రిపోర్టుకు లీడ్ల అసలు షీటును కలపడం మానేశాం. ముందే కలిపేసిన ఊరి టేబుల్, వయసు టేబుల్ విడివిడిగా వేరే షీటులో విలువలుగా పేస్ట్ చేసి, దాన్నే కలుపుతాం. తేదీ ఫిల్టర్ తీసేశాం. రోజూ అప్‌డేట్ అయ్యే రిపోర్టు కూడా ఆపేశాం, ఎందుకంటే నిన్న 11, ఇవాళ 12 అని కనిపిస్తే ఇవాళ వచ్చినవారు ఒకరేనని తేలిపోతుంది.

షీటులో ట్యాబ్ దాచిపెడితే చాలు అనుకునేవాళ్లకు ఒక మాట: చూసే అనుమతి ఉన్నవారు కాపీ చేసుకుంటే ఆ ట్యాబ్ తెరుచుకోవచ్చు. `IMPORTRANGE` వాడితే కొత్త షీటును ఎడిట్ చేయగలిగినవారు పాత షీటులోని మిగతా భాగాలనూ లాగగలరు. అందుకే విలువలుగా పేస్ట్ చేయడం.

ఇక `full_name`, `phone_number`, `email` కాలమ్‌లు రిపోర్టు షీటులోకి రానే రావు. మొదట్లో నంబర్లను హ్యాష్ చేసి, అంటే చూస్తే గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చి, ఉంచేవాళ్లం, డూప్లికేట్లు పట్టుకోవడానికి. మన మొబైల్ నంబరు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. అంటే 400 కోట్ల నంబర్లే. అన్నిటినీ హ్యాష్ చేసి పోల్చడం మామూలు కంప్యూటర్‌కు కొద్ది గంటల పని. డూప్లికేట్ల లెక్క మా దగ్గరే తేల్చి, హ్యాష్ కూడా తీసేశాం. పేజీ అడ్రస్‌ల టేబుల్లోనూ ఒకసారి `/thank-you?phone=` వెనక నంబర్లు కనబడ్డాయి. ఇప్పుడు ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా కత్తిరించాకే పంపుతాం.

నష్టం లేదని చెప్పను. కంకిపాడులో లీడ్‌కు ఎంత పడుతోందో రిపోర్టు చూసేవాళ్లకు తెలియదు, క్లయింటు నెలకోసారి అడుగుతూనే ఉంటారు. నేను మూడు నెలలవి కలిపి చెబుతాను. అప్పుడు కూడా పది దాటకపోతే ఇవ్వను.