నెట్ స్లో: రౌటర్ మార్చాలా, లైన్‌మన్‌ని పిలవాలా, కంపెనీ మార్చాలా?

కూకట్‌పల్లిలో మా అక్కవాళ్లది 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రాత్రి తొమ్మిదింటికి పడకగదిలో ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 14 వస్తోంది. బావ అప్పటికే రెండు మూడు పెట్టెలతో ఇల్లంతా వైఫై పరిచే ఎనిమిది వేల రూపాయల మెష్ రౌటర్ చూసిపెట్టుకుని, కొనమంటావా అని నాకు ఫోన్ చేశాడు. అక్కేమో కంపెనీ మార్చేద్దామంటోంది.

ఆ 14 అనే అంకెను బట్టి ఇద్దరిలో ఎవరిది సరైన మాటో చెప్పలేం. ఫోన్ నుంచి రౌటర్ దాకా గాలి, రౌటర్ నుంచి వీధి చివరి పెట్టె దాకా ఫైబర్, అక్కణ్నుంచి కంపెనీ నెట్‌వర్క్, ఈ మూడూ కలిసి ఇచ్చిన ఫలితం అది. ఎక్కడ నీళ్లు కారిపోతున్నాయో చూడకుండా మోటారు మార్చడం ఎందుకని, ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను.

విండోస్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరిచి, రెండు పింగ్‌లు ఒకేసారి నడిపిస్తే చాలావరకు తేలిపోతుంది. పింగ్ అంటే ఒక చిన్న సందేశం పంపి, జవాబు తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూడడం.

```
ping -n 50 192.168.1.1
ping -n 50 8.8.8.8
```

మొదటిది మీ రౌటర్ అడ్రస్. అందరికీ ఇదే ఉండదు, `ipconfig` కొడితే Default Gateway దగ్గర మీది కనిపిస్తుంది. రెండోది బయట ఉన్న గూగుల్ సర్వర్. మొదటి పింగ్ ఇల్లు దాటదు కాబట్టి అదే తడబడితే తప్పు ఇంట్లోనే ఉన్నట్టు. అది నిలకడగా ఉండి రెండోది తడబడితే తప్పు రౌటర్ దాటాక ఉంది. ఒక్క జాగ్రత్త: ఆ సమయంలో ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేస్తుంటే రెండో పింగ్ ఊరికే పెరుగుతుంది. అందుకని మిగతా ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా కాసేపు ఆపాలి.

అక్కవాళ్ల పడకగదిలో వైఫై మీద మొదటి పింగే 8 నుంచి 340 మిల్లీసెకన్ల మధ్య ఎగిరింది. యాభైలో రెండు అసలు తిరిగి రాలేదు. అదే ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కి తగిలిస్తే మొదటి పింగ్ 1, రెండోది 14, స్పీడ్ 93. అంటే ఆ రోజుకి లైన్ తప్పూ లేదు, కంపెనీ తప్పూ లేదు.

రౌటర్ టీవీ వెనక చెక్క అరలో ఉంది. ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద ఉంది, చుట్టుపక్కల ఫ్లాట్లవి ఇరవైకి పైగా నెట్‌వర్క్‌లు అదే బ్యాండ్‌లో కనిపిస్తున్నాయి. ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఇమిడే ఛానళ్లు మూడే: 1, 6, 11. ఒకరు మాట్లాడినంతసేపూ మిగతావాళ్లు ఆగాలి కాబట్టి, సిగ్నల్ నిండుగా చూపించినా సాయంత్రమయ్యేసరికి స్పీడ్ పడిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటలేదని అందరూ తిడతారు గానీ, అపార్ట్‌మెంట్‌లో అదే దాని గుణం. పక్కింటివాళ్లదీ మనింట్లోకి పెద్దగా రాదు.

రౌటర్‌ని హాల్ గోడ మీదికి మార్చి, రెండు బ్యాండ్లకూ వేరు వేరు పేర్లు పెట్టి, ఫోన్లు 5 మీదికి తెచ్చాం. టీవీకి కేబుల్ వేశాం. 2.4ని 20 మెగాహెర్ట్జ్ వెడల్పుకు తగ్గించి, రద్దీ తక్కువున్న ఛానల్‌లో పెట్టాం. పడకగదిలో 70 వచ్చింది. బావ మెష్ మానేశాడు. ఇల్లు పెద్దదై, 5 గిగాహెర్ట్జ్ అన్ని గదులకూ అందకపోతే మెష్ పనికొస్తుంది. అప్పుడు కూడా రెండు పెట్టెల మధ్య కేబుల్ లాగగలిగితేనే డబ్బుకి తగ్గ ఫలితం. లేకపోతే అవి కూడా అదే గాలిని పంచుకుంటాయి.

పది రోజులకి మళ్లీ ఫోన్. ఈసారి "స్లో కాదు, ఆగి ఆగి వస్తోంది" అన్నాడు. ఆ మాటలోనే సగం జవాబు ఉంది. ఫైబర్‌లో వెలుగు కొద్దిగా తగ్గినంత మాత్రాన స్పీడ్ తగ్గదు. ఒక హద్దు దాటాకే తప్పులు మొదలై, లైన్ తెగుతూ కలుస్తూ ఉంటుంది. కేబుల్ మీద మొదటి పింగ్ 1 దగ్గరే కదలకుండా ఉంది, రెండోది యాభైలో ఆరు పోగొట్టుకుంది. మధ్యాహ్నమూ అంతే, రాత్రీ అంతే. రౌటర్ పేజీలో Rx Power, అంటే ఫైబర్‌లోంచి రౌటర్‌కి అందుతున్న వెలుగు, చూస్తే -28.6 డీబీఎం. ఇది మైనస్‌లో ఉంటుంది కాబట్టి సున్నాకి దగ్గరయ్యేకొద్దీ వెలుగు ఎక్కువున్నట్టు. మామూలు ఇంటి ఫైబర్ పెట్టెలకి -27, -28 దగ్గరే గండం. 3 డీబీ తగ్గితే వెలుగు సగమైనట్టు. కొన్ని కంపెనీలు ఆ పేజీ తెరవనివ్వవు, అప్పుడు లైన్‌మన్‌నే పవర్ మీటర్ పెట్టి చూడమనాలి.

కారణం మేమే! రౌటర్ గోడ మీదికి ఎక్కించినప్పుడు సన్నటి పసుపు ప్యాచ్ కార్డ్‌ని మేకు చుట్టూ బిగించి తిప్పాం. ఫైబర్‌ని అంత చిన్న మలుపు తిప్పితే వెలుగు బయటికి కారిపోతుంది. వదులు చేయగానే -21.4. అలా విప్పినా పెరగకపోతే, లేదా వెలుగు అందట్లేదని చెప్పే LOS లైటు ఎర్రగా వెలుగుతుంటే, లైన్‌మన్‌ని పిలవాల్సిందే. జాయింట్ అతికే పని మన చేతిలోది కాదు.

ఇక మూడోది మా ఇంట్లోనే జరిగింది. 150 ఎంబీపీఎస్ ప్లాన్. కేబుల్ మీద పొద్దున ఏడింటికి 148, రాత్రి తొమ్మిదిన్నరకి 22 నుంచి 40. మొదటి పింగ్ ఎప్పుడూ 1, రెండోది పొద్దున 11, రాత్రి 120. Rx Power -19. అన్నీ బాగుండి గడియారాన్ని బట్టి స్పీడ్ మారుతోందంటే రద్దీ కంపెనీవైపే. ఇళ్లకి ఫైబర్ పంచే జీపాన్ పద్ధతిలో ఒక పోర్టులో వచ్చే 2.5 గిగాబిట్లనే 32 లేదా 64 ఇళ్లు పంచుకోవచ్చు. దాని పైన లోకల్ ఆపరేటర్ తీసుకున్న లింక్ ఇంకా ఇరుకైతే అక్కడ ఆగుతుంది.

కస్టమర్ కేర్ మనిషిని పంపింది, పొద్దున పదకొండింటికి. 148 చూపించి, కంప్లైంట్ మూసేశారు. స్పీడ్ టెస్ట్ యాప్ దానంతటదే ఎంచుకునే సర్వర్ చాలాసార్లు కంపెనీ సొంతదే ఉంటుంది. వేరే కంపెనీ సర్వర్ ఎంచుకుంటే అంకె మారుతుంది. నాలుగు రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కేబుల్ మీదే తీసిన అంకెలు టైముతో సహా రాసి, కంప్లైంట్ నంబర్ జతచేసి అప్పీల్ పెట్టాను. లైన్ బాగుందని జవాబొచ్చింది.

ఇలాంటప్పుడు రౌటర్ మార్చితే డబ్బు దండగ, లైన్‌మన్‌ని పిలిస్తే రోజు దండగ. కంపెనీ మార్చడమే దారి. కానీ దానికి ముందు, నేను చూస్తున్న కంపెనీ కనెక్షనే ఉన్న కింది ఫ్లాట్‌వాళ్లింటికి రాత్రి తొమ్మిదిన్నరకి ల్యాప్‌టాప్, కేబుల్ పట్టుకుని వెళ్లాను. ఒక్కోసారి రెండు కంపెనీల పేర్ల వెనకా ఒకే లోకల్ ఆపరేటర్ ఉంటాడు. వాళ్లింట్లో రెండో పింగ్ 13 దగ్గర నిలిచింది. మర్నాడే అప్లికేషన్ పెట్టాను. పాతది మాత్రం కొత్తది నాలుగు రాత్రులు చూసుకున్నాకే తీయించాను.