సింగపూర్ నుంచి కౌలాలంపూర్ దాకా: మూడు సిమ్‌లు, రెండు దేశాలు

2023 డిసెంబరు నుంచి మలేషియా భారతీయులను వీసా లేకుండా రానిస్తూ ఉండటంతో, సింగపూర్ వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది ఆ దేశాన్ని కూడా అదే ప్రయాణంలో కలుపుకుంటున్నారు. మేమూ అలాగే సింగపూర్‌లో దిగి, రెండు దేశాలను కలిపే కాజ్‌వే అనే వంతెన దారి మీదుగా బస్సులో జొహోర్ బారు చేరి, అక్కడినుంచి మలక్కా, ఆపైన కౌలాలంపూర్ చూసి వచ్చాము. ఈ దారిలో ఫోనులో డేటా లేకపోతే అడుగడుగునా పని ఆగుతుంది. మలేషియా ప్రవేశానికి ముందుగా నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డు, రెండు దేశాల్లోనూ యాప్‌లో పిలిపించుకునే గ్రాబ్ కారు, బస్ స్టేషన్‌లో టికెట్, ఇవన్నీ ఫోను మీదే నడుస్తాయి. అందుకే చూసిన చోట్ల గురించి క్లుప్తంగా చెప్పి, ఏ సిమ్ ఏర్పాటు ఎక్కడ ఆదుకుంది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది వివరంగా రాస్తున్నాను.

మేము ముగ్గురం మూడు ఏర్పాట్లతో బయల్దేరాము. బావగారు తన ఇండియా సిమ్‌కే అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ వేయించుకున్నారు. అక్క హైదరాబాద్‌లోనే సింగపూర్, మలేషియా రెంటికీ పనికొచ్చే ట్రావెల్ ఈసిమ్, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోనులోకే ఎక్కే సిమ్, కొని, ఇంటి వైఫైలో ఫోనులో ఎక్కించుకుంది. నేను ఛాంగీ విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూపించి స్థానిక టూరిస్టు సిమ్ తీసుకున్నాను.

ఛాంగీలో దిగగానే అక్క ఫోనులో ఈసిమ్ బార్లు నిండుగా కనిపించాయి, సింగపూర్ నెట్‌వర్క్ పేరు కూడా వచ్చింది, కానీ ఒక్క పేజీ తెరుచుకోలేదు. ఈసిమ్ అమ్మినవాళ్లు పంపిన కాగితంలో "స్థానిక వేగంతో డేటా" అని రాసి ఉండటం వల్ల అది సింగపూర్ సిమ్మే అనీ, దానికి రోమింగ్ అవసరం లేదనీ అక్క నమ్మింది. బిల్లు భయంతో ఫోనులో ఉన్న రెండు లైన్లకూ రోమింగ్ ఆపి ఉంచింది. ఆ భయం ఇండియా సిమ్ విషయంలో సరైనదే, ఈసిమ్ విషయంలో మాత్రం అదే అడ్డుపడింది.

ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. రోమింగ్ అవునా కాదా అన్నది మనం సిమ్ ఎక్కడ కొన్నామనే దాన్ని బట్టి గాని, అది ఏ దేశానికని అమ్మారనే దాన్ని బట్టి గాని తేలదు. ఆ సిమ్‌ను జారీ చేసిన కంపెనీ ఏ దేశానిదో దాన్ని బట్టి తేలుతుంది. దాన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. ప్రతి సిమ్‌కూ ఐసీసీఐడీ అనే పొడవైన సంఖ్య ఉంటుంది. ఐఫోనులో `Settings > General > About` లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా `About phone` లోని సిమ్ వివరాల్లోనూ అది కనిపిస్తుంది. ఆ సంఖ్య 89తో మొదలవుతుంది, ఆ వెంటనే వచ్చేది జారీ చేసిన దేశపు టెలిఫోన్ కోడ్. ఇండియా సిమ్ అయితే 8991, సింగపూర్ సిమ్ అయితే 8965, మలేషియా సిమ్ అయితే 8960. అక్క ఈసిమ్ సంఖ్య 89852తో మొదలైంది. 852 హాంకాంగ్ కోడ్. అంటే ఆ సిమ్ సింగపూర్‌లోనూ మలేషియాలోనూ కూడా పరదేశిదే, రెండు చోట్లా రోమింగ్ మీదే నడవాలి. ఈసిమ్ లైనును మాత్రమే తెరిచి `Data Roaming` ఆన్ చేసి, మొబైల్ డేటాకు ఆ లైనునే ఎంచగానే నిమిషం లోపే మ్యాపు తెరుచుకుంది. ట్రావెల్ ఈసిమ్ డబ్బు ముందే కట్టేసినది కాబట్టి దాని రోమింగ్ ఆన్ చేసినందుకు వేరే బిల్లు రాదు.

ఇండియా లైనుకు రోమింగ్ ఆపే ఉంచాము. ఆ మీట డేటాకు సంబంధించినది మాత్రమే గనుక బ్యాంకు ఓటీపీలు మామూలుగానే వచ్చాయి. కాల్స్ కూడా మోగుతాయి, అయితే ప్యాక్ లేకుండా ఎత్తితే నిమిషాల లెక్కన ఛార్జీ పడుతుంది కనుక అక్క ఎత్తలేదు. ఐఫోనులో `Allow Mobile Data Switching` అనే మరో మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఒక లైను బలహీనపడినప్పుడు ఫోను రెండో లైను డేటాను వాడుకోవచ్చు. రెండు సిమ్‌లతో విదేశాల్లో తిరిగేటప్పుడు దాన్ని ఆపి ఉంచడం మంచిది.

సింగపూర్‌లో మేము దిగింది లిటిల్ ఇండియాలో, సెరంగూన్ రోడ్డు దగ్గర ఒక చిన్న హోటల్లో. గది ఇరుకు, కానీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయం, మన భోజనం నడక దూరంలో ఉండటం పెద్దవాళ్లకు ఎంతో వీలు. అక్కడి వైఫై వల్ల మాత్రం ఒక తికమక వచ్చింది. గది నంబరు అడిగే పేజీ పూర్తి చేయకపోతే ఫోను వైఫైకి అంటుకునే ఉంటుంది గాని నెట్ రాదు, దాంతో మొబైల్ డేటా పనిచేయడం లేదనిపిస్తుంది. డేటాను పరీక్షించదలచినప్పుడు ముందు వైఫై ఆపి చూడాలి.

సింగపూర్ లోపల నా స్థానిక సిమ్‌కు ఏ సర్దుబాటూ అక్కరలేకపోయింది. వేగం, ధర రెండింటిలోనూ మూడింటిలో అదే మేలు. అసలు తేడా కాజ్‌వే దగ్గర మొదలైంది. క్వీన్ స్ట్రీట్ నుంచి బస్సెక్కి వుడ్‌లాండ్స్‌లో దిగి సింగపూర్ ఇమ్మిగ్రేషన్ తనిఖీ ముగించుకుని, మళ్లీ బస్సెక్కి కిలోమీటరుకు కాస్త పైచిలుకు ఉన్న ఆ వంతెన దారి దాటితే మలేషియా. జలసంధి అంత సన్నగా ఉండటం వల్ల జొహోర్ వైపు దిగిన తరువాత కూడా ఫోను కొంతసేపు సింగపూర్ టవరునే పట్టుకుని ఉంటుంది. టవరు మారిన క్షణం నుంచి నా సింగపూర్ సిమ్ రోమింగ్‌లోకి వెళ్లింది, డేటా ఆగింది. నా ప్లానులో మలేషియాకు విడిగా కొంత డేటా ఇచ్చారు గనుక రోమింగ్ ఆన్ చేశాక పనిచేసింది. ఆ కోటా లేని ప్లాను తీసుకున్నవాళ్లకు జొహోర్‌లో మరో సిమ్ తప్పదు.

బావగారి ఫోనులో అదే చోట సేవే లేకుండా పోయింది. ఆయన ప్యాక్ ఒక నిర్ణీత భాగస్వామి నెట్‌వర్క్ మీదే చెల్లుతుందని సింగపూర్‌లో ఆ పేరును చేతితో ఎంచి పెట్టుకున్నారు. అది అక్కడ సరైన పనే. కానీ చేతితో ఎంచినంత కాలం ఫోను ఆ పేరు కోసమే వెతుకుతుంది, జొహోర్‌లో ఆ పేరు దొరకదు. నెట్‌వర్క్ ఎంపికను తిరిగి ఆటోమేటిక్ చేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీయగానే మలేషియా నెట్‌వర్క్ వచ్చింది. సరిహద్దు గదుల్లో రద్దీలో నిలబడి ఇవన్నీ చేయడం ఇబ్బంది, కనుక డిజిటల్ అరైవల్ కార్డు పిన్‌ను హోటల్లోనే స్క్రీన్‌షాట్‌గా దాచుకోవడం మేలు.

జొహోర్ బారులోని లార్కిన్ బస్టాండు నుంచి మలక్కాకు బస్సు సౌకర్యంగానే ఉంది. ఊళ్లో ఎర్రటి స్టాడ్‌హౌస్ కట్టడం, నది ఒడ్డు, జోంకర్ వీధి అన్నీ నడిచే చూడవచ్చు. వారాంతపు రాత్రి బజారు రద్దీని ఇష్టపడనివాళ్లు మామూలు రోజుల్లో వెళ్లడమే మంచిది. మేమున్న అతిథిగృహం పాత చీనా ఇల్లు, నడిమి వాకిట్లో గాలీ వెలుతురూ బాగున్నాయి. అక్కడే బావగారి ఫోనుకు మరో చిక్కు వచ్చింది, అన్నిటిలోకీ ఎక్కువసేపు పట్టింది అదే.

బార్లు ఉన్నాయి, ఇండియా నుంచి కాల్ కూడా వచ్చింది, కానీ బార్ల పక్కన ఉండవలసిన 4జీ గుర్తు లేదు. రోమింగ్ ఆన్‌లోనే ఉంది, ప్యాక్‌లో డేటా మిగిలే ఉంది. ఏమైందని అడిగితే, ఉదయం నెట్ నెమ్మదిగా ఉందంటే అతిథిగృహం కుర్రాడు సాయం చేయబోయి సెట్టింగుల్లో ఏదో మార్చాడని బావగారు చెప్పారు. `Access Point Names` తెరిచి చూస్తే, అతడు తన సొంత మలేషియా సిమ్‌లో ఉన్నదే టైపు చేసి `diginet` అనే కొత్త ఏపీఎన్ చేర్చి దాన్నే ఎంచాడు.

మలేషియాలో ఉన్నాము కాబట్టి మలేషియా ఏపీఎన్ ఉండాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అది ఎందుకు చెల్లదో చెబుతాను. రోమింగ్‌లో మనం వాడేది పరాయి టవరును మాత్రమే. డేటా ఆ టవరు నుంచి సముద్రం దాటి ఇండియాలోని మన కంపెనీ గేట్‌వే దాకా వెళ్లి, అక్కడే ఇంటర్నెట్‌లో కలుస్తుంది. పేజీలు కాస్త ఆలస్యంగా తెరుచుకోవడానికి ఈ చుట్టుదారే ముఖ్య కారణం. ఏపీఎన్ అంటే ఆ గేట్‌వే పేరు, పుట్టింటి చిరునామా లాంటిది. కనుక జియో సిమ్‌కు `jionet`, ఎయిర్‌టెల్‌కు `airtelgprs.com`, బీఎస్ఎన్ఎల్‌కు `bsnlnet`, ఏ దేశంలో ఉన్నా ఇవే. ట్రావెల్ ఈసిమ్‌కు దాన్ని అమ్మినవాళ్లు ఇచ్చిన ఏపీఎన్ ఉండాలి.

అదే పేజీలో మూలనున్న మూడు చుక్కలు నొక్కి `Reset to default` చేశాము. కొత్తగా చేర్చినది పోయి, ఇండియా కంపెనీది తిరిగి వచ్చింది. ఫోనును ఒకసారి ఆపి వేయగానే 4జీ గుర్తు కనిపించింది. ఒకవేళ జాబితా ఖాళీగా ఉండి చేతితో చేర్చవలసి వస్తే, `APN type` గడిలో `default` అన్న మాట తప్పనిసరిగా ఉండేలా చూసి, భద్రపరిచాక ఆ వరుసను ఎంచాలి. భద్రపరచి ఎంచకుండా వదిలేయడం తరచూ జరుగుతుంది. ఐఫోనులో అయితే పాత ట్రావెల్ సిమ్ కోసం ఎప్పుడో దించుకున్న ప్రొఫైల్ ఇలాగే అడ్డుపడవచ్చు, అది `VPN & Device Management` లో ఉంటుంది.

ఈ గుర్తుల్లోని తేడాను బట్టి వెతుకులాట చాలావరకు తగ్గుతుంది. అసలు సేవే లేకపోతే నెట్‌వర్క్ ఎంపిక చూడాలి. బార్లుండి 4జీ గుర్తు లేకపోతే ముందు రోమింగ్ మీట, తరువాత ఏపీఎన్ చూడాలి. గుర్తు ఉండి కూడా పేజీలు రాకపోతే ప్యాక్ అయిపోయిందా, వీపీఎన్ ఏదైనా నడుస్తోందా అని చూడాలి.

కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్‌లో దిగాము. కేఎల్ సెంట్రల్ పక్కనే కావడంతో బటు కేవ్స్‌కు కొమ్యూటర్ రైలు నేరుగా దొరుకుతుంది. అక్కడి గుహాలయానికి 272 మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు కింద ఉన్న ఆలయాలు చూసుకుని కూర్చోవచ్చు. అక్కడికి వచ్చేసరికి నా సింగపూర్ సిమ్‌లోని మలేషియా కోటా అయిపోయింది, నేను అక్క ఫోను హాట్‌స్పాట్ మీద గడిపాను.

మూడింటినీ తూచి చూస్తే, ఒకే దేశంలో ఉండేవాళ్లకు స్థానిక సిమ్, రెండు దేశాలు తిరిగేవాళ్లకు ఈసిమ్ మేలని నా అభిప్రాయం. ఇండియా ప్యాక్ ఖరీదైనదే అయినా, నంబరు మారకూడదనుకునే పెద్దవాళ్లకు నేను దాన్నే చెబుతాను. ఈసిమ్ వాడేవాళ్లు డేటా రావడం లేదని విసుగుతో దాన్ని ఫోనులోంచి తొలగించవద్దు. చాలా ఈసిమ్‌ల క్యూఆర్ ఒక్కసారికే పనిచేస్తుంది. సెట్టింగు సరిచేస్తే నిమిషంలో తేలే పనికి మళ్లీ డబ్బు కట్టి కొత్తది కొనవలసి వస్తుంది.