రియాక్టర్ కూలింగ్: సింగిల్ లూపా, కాస్కేడా, ఏది మేలు?

జాకెట్ ఉన్న ఎక్సోథర్మిక్ రియాక్టర్‌కి కంట్రోల్ రెండు రకాలుగా పెట్టొచ్చు. ఒకటి, రియాక్టర్ టెంపరేచర్ కంట్రోలర్ నేరుగా కూలింగ్ వాటర్ వాల్వ్‌ని నడపడం. రెండోది కాస్కేడ్, అంటే జాకెట్‌లో నీళ్లు పంపుతో ఎప్పుడూ ఒకే ఫ్లోతో తిరుగుతుంటాయి, రియాక్టర్ కంట్రోలర్ జాకెట్ టెంపరేచర్ ఎంత ఉండాలో చెప్తుంది, లోపలి లూప్ దానికి తగ్గట్టు చల్లనీళ్లు కలుపుతుంది.

లెక్క వేసి చూద్దాం. 80 డిగ్రీల దగ్గర 500 కిలోవాట్ల వేడి పుడుతోంది, యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కి 90 కిలోజౌల్స్ అనుకోండి. రియాక్టర్ ఒక్క డిగ్రీ ఎక్కితే పుట్టే వేడి దాదాపు 43 కిలోవాట్లు పెరుగుతుంది, కానీ జాకెట్ డిగ్రీకి 12 కిలోవాట్లే ఎక్కువ లాగగలదు. మిగతా 31 లోపలే ఉండిపోయి ఇంకా వేడెక్కిస్తుంది, ఓపెన్ లూప్‌లో నిలకడ లేకపోవడం అంటే ఇదే. లోపల 5 టన్నుల సరుకు ఉంటే (కిలోకి 4 కిలోజౌల్స్ లెక్కన, రియాక్టెంట్ తగ్గడం, ఫీడ్ చల్లదనం పక్కనపెడితే) 1 డిగ్రీ తేడా 7.5 నిమిషాల్లో 2 అవుతుంది, ఇంకో 7.5 నిమిషాల్లో 4.

అంటే దాన్ని ఆపాలంటే రియాక్టర్ 1 డిగ్రీ ఎక్కినప్పుడు జాకెట్ కనీసం 2.6 డిగ్రీలు దిగాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు: లూప్ ఊగుతోందని గెయిన్ తగ్గిస్తారు, అది ఆ కనీసానికి దగ్గరయ్యేకొద్దీ ఊపు నెమ్మదిస్తుంది కానీ ఇంకా పెద్దదవుతుంది, మళ్లీ తగ్గిస్తే చేయి దాటిపోతుంది. ఇలాంటి రియాక్టర్‌కి గెయిన్ ఎక్కువ, ఇంటిగ్రల్ చాలా నెమ్మది, కొంచెం డెరివేటివ్, ఇదే సరైన పొందిక. ఇంటిగ్రల్ దూకుడుగా ఉంటే టెంపరేచర్ సెట్‌పాయింట్ దాటేదాకా వెనక్కి తగ్గదు, ఆ ఓవర్‌షూటే మనకి వద్దు.

ఇక అసలు పోలిక. సింగిల్ లూప్‌లో వాల్వ్ మూసుకుంటే జాకెట్ ఫ్లో పడిపోతుంది. 1000 లీటర్ల జాకెట్‌లో గంటకి 40 ఘనమీటర్లు పోతే నీళ్లు మారడానికి 1.5 నిమిషాలు, 10కి దిగితే 6 నిమిషాలు, హీట్ ట్రాన్స్‌ఫర్ కూడా తగ్గుతుంది. 7.5 నిమిషాల్లో రెట్టింపయ్యేదాన్ని పట్టుకోవడానికి 6 నిమిషాల ఆలస్యం ఉంటే కష్టమే. కాస్కేడ్‌లో ఫ్లో మారదు కాబట్టి ఆలస్యమూ మారదు, పైగా సప్లై నీళ్లు వేడెక్కినా ప్రెషర్ పడినా రియాక్టర్‌కి తెలిసేలోపే లోపలి లూప్ సర్దేస్తుంది. అందుకే నా ఓటు కాస్కేడ్‌కే, కాకపోతే లోపలి లూప్ బయటిదానికంటే కనీసం నాలుగైదు రెట్లు వేగంగా ఉండాలి.

ఈ ఉదాహరణలోనే జాకెట్‌కి, రియాక్టర్‌కి తేడా 11 డిగ్రీలలోపు ఉండేంత పెద్ద హీట్ ట్రాన్స్‌ఫర్ ఏరియా ఉంటే ప్రాసెస్ తనంతట తానే నిలబడుతుంది, అప్పుడు సింగిల్ లూప్ చాలు. మన కేసులో తేడా దాదాపు 42.

ఏది పెట్టినా మామూలు లోడ్‌లో వాల్వ్ సగం దరిదాపుల్లోనే ఉండాలి, ఎందుకంటే అది పూర్తిగా తెరుచుకున్నాక మీ దగ్గర ఉన్నది మళ్లీ ఓపెన్ లూపే. ఎయిర్ పోతే వాల్వ్ తెరుచుకునేలా పెట్టండి, హై టెంపరేచర్‌కి ఫీడ్ ఆపే ట్రిప్‌ని ఈ కంట్రోలర్‌తో సంబంధం లేకుండా వేరే సెన్సర్‌తో ఉంచండి.