టిఫిన్ సెంటర్ ఫ్రాంచైజీ తీసుకునేవాళ్లూ, బ్రోచర్‌లోని ఆదాయం పేజీని నమ్మకండి

ఒక టిఫిన్ చైన్ ఫ్రాంచైజీ తీసుకుని ఏడు నెలలైంది. పేరు చెప్పను. నన్ను ముంచింది దోసె కాదు, పన్నెండు పేజీల బ్రోచర్. అలాంటిదే మీ చేతికీ వస్తే సంతకం పెట్టేముందు ఇది చదవండి.

పెట్టుబడి 18 లక్షలు, రోజుకి 20,000 వరకు సేల్, నికర లాభం 25 శాతం అని వేశారు. అంటే నెలకు లక్షన్నర, ఏడాదిలో అసలు చేతికొస్తుంది. లెక్కలో తప్పేమీ లేదు, అంకెలే తప్పు.

ముందు పెట్టుబడి చూడండి. ఆ 18 లక్షల్లో ఫ్రాంచైజీ ఫీజు 5, కిచెన్ సామాను 7, ఇంటీరియర్ 6. ఈ మూడింటి బిల్లుల మీదా 18 శాతం జీఎస్టీ పడింది, 3.24 లక్షలు. బ్రోచర్ చివరి పేజీలో చీమంత అక్షరాలతో 'పన్నులు అదనం' అని ఉంది. కస్టమర్ దగ్గర 5 శాతం వసూలు చేసే హోటల్‌కి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మనం బిల్లుల మీద కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోలేం కాబట్టి ఆ డబ్బు పోయినట్టే. నాకు ఈ సంగతి మా ఆడిటర్ చెప్పేదాకా తెలీదు. షాపు అడ్వాన్సు ఆరు నెలల అద్దె, 2.7 లక్షలు. పొగగొట్టానికీ కరెంటు లోడ్ పెంచడానికీ 1.3 లక్షలు. మొదటి రెండు నెలలు జీతాలకీ సరుకుకీ చేతిలో ఉంచుకున్నది 3 లక్షలు. మొత్తం 28 లక్షలు దాటింది.

ఇక ఆదాయం. మొదటి రెండు వారాలు రోజుకి 14,000 వచ్చింది. కొత్త మోజు తీరాక 12,000 దగ్గర ఆగింది, నెలకు 3,60,000. అందులో జీఎస్టీ 17,000 మనది కాదు. సేల్‌లో మూడో వంతు డెలివరీ యాప్‌ల ద్వారా వస్తుంది, వాళ్ల కోత 30,000. సెంట్రల్ కిచెన్ నుంచి వచ్చే పిండి, పొడులు, మిగతా సరుకు కలిపి 1,30,000. అద్దె 45,000. దోసె మాస్టర్, హెల్పర్, సప్లయర్లు, క్లీనింగ్ మనిషి, అందరి జీతాలు 92,000. గ్యాస్, కరెంటు 28,000. రాయల్టీ 6 శాతం. అది కూడా జీఎస్టీ తీసేయకుండా మొత్తం బిల్లింగ్ మీద, దాని మీద మళ్లీ 18 శాతం, వెరసి 25,500. కూడి చూసుకోండి, 3,67,500 అవుతుంది. అంటే నెలకు 7,500 నేనే ఎదురు పెడుతున్నాను. పొద్దున నాలుగున్నరకి షట్టర్ ఎత్తే నా కష్టానికి ఇందులో జీతం వేసుకోలేదు.

మరి ఆ 20,000 ఎక్కడిది? వాళ్ల మొదటి బ్రాంచిది. నాలుగేళ్లు నడిచిన షాపు, ఆసుపత్రులున్న రోడ్డు, సొంత బిల్డింగు. అద్దె లేని షాపు లాభం శాతాన్ని అద్దె కట్టేవాడికి చూపించారన్నమాట. ఇది నేను సంతకం పెట్టాక వాళ్ల పాత మాస్టర్ నోటి వెంట విన్నాను.

'పూర్తి సపోర్ట్' అన్న మాటకి కూడా అర్థం అడగండి. నాకు పది రోజులు ఒక మాస్టర్‌ని పంపారు. పదకొండో రోజు అతను ఇంకో ఓపెనింగ్‌కి వెళ్లిపోయాడు. ఎండాకాలంలో వ్యాన్ రెండు గంటలు ఆలస్యమైతే పిండి పులిసిపోతుంది. పారబోసిన పిండికి డబ్బు ఎవరిదని అడిగితే 'రిసీవింగ్ తర్వాత మీదే' అన్నారు. నిజానికి అగ్రిమెంట్‌లో అలాగే ఉంది. బ్రోచర్ అంకెలు అంచనాలు మాత్రమే, ఒప్పందంలో భాగం కావు అని కూడా ఉంది. అమెరికాలో అయితే ఫ్రాంచైజీ అమ్మేవాడు సంతకానికి కనీసం 14 రోజుల ముందు వివరాల పత్రం ఇచ్చి తీరాలి. మన దగ్గర ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, అడిగి తీసుకోవాల్సింది మనమే.

ఏం అడగాలంటే, కంపెనీ సొంత షాపులవి కాకుండా ఫ్రాంచైజీ షాపుల్లో ఏడాది దాటిన వాటి నెలవారీ సేల్ అడగండి. బాగా నడిచేది ఒకటి, మధ్యరకం ఒకటి, ఈడుస్తున్నది ఒకటి, మూడూ కావాలనండి. ఎన్ని మూతపడ్డాయో, ఆ యజమానుల ఫోన్ నంబర్లు ఇస్తారో అడగండి. నిజాయితీగా రాసిన బ్రోచర్ అయితే ఖర్చులన్నీ పోగా రోజుకి ఎంత సేల్ వస్తే నష్టం లేకుండా బయటపడతామో ఆ అంకె అందులోనే ఉండాలి. నా షాపుకి అది 12,500 పైచిలుకు. అది ముందే తెలిస్తే ఆ వీధిలో 45,000 అద్దెకి ఒప్పుకునేవాణ్ని కాదు.

మొన్న వాళ్ల కొత్త బ్రోచర్ వాట్సాప్‌లో వచ్చింది. రోజువారీ సేల్ 25,000 అయింది. కింద క్యూలో జనం ఉన్న ఫోటో మా షాపుదే, ఓపెనింగ్ రోజు ఉచితంగా కాఫీ పోసినప్పటిది.