మోకాలి శస్త్రచికిత్స తర్వాత: తిండి తగ్గించడమా, ప్రొటీన్ పెంచడమా?

ఆట ఆగింది కాబట్టి లావెక్కుతామన్న భయంతో చాలామంది భోజనం సగానికి తగ్గిస్తారు. ఇది నాకు బొత్తిగా నచ్చని దారి. గాయం మానడానికి శక్తి కావాలి. చంకకర్రలతో నడిస్తే మామూలు నడక కంటే ఎక్కువే ఖర్చవుతుంది. ఆ లోటును శరీరం కండను కూడా కరిగించి పూడ్చుకుంటుంది. బరువు తగ్గిందని సంతోషించే ముందు టేపుతో తొడ చుట్టుకొలత చూసుకోవాలి.

రెండో దారిలో బరువు నిలకడగా ఉండేంత తింటూ ప్రొటీన్ పెంచుతారు. కిలోకు 1.6 గ్రాముల చొప్పున 70 కిలోల ఆటగాడికి రోజుకు 112 గ్రాములు. కదలని కాలి కండ ప్రొటీన్‌ను మందకొడిగా వాడుకుంటుంది కనుక, అంతా రాత్రిపూటే తినకుండా నాలుగు పూటలా 28 గ్రాముల చొప్పున పంచడం మేలు. అయినా తొడ కొంత సన్నబడుతుంది. ఫిజియో చెప్పిన వ్యాయామం లేకుండా తిండి ఒక్కటే దాన్ని ఆపలేదు. మూత్రపిండాల జబ్బున్నవారు వైద్యుణ్ణి అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.