సారాంశానికి ముందు ఆగే యాప్: పాల సంఘం మినిట్స్ రాస్తూ గమనించినవి

మా ఊరి పాల ఉత్పత్తిదారుల సంఘంలో పాలకవర్గ సమావేశాల మినిట్స్ రాసే బాధ్యత నాది. మాటలను రికార్డు చేసి, తెలుగు అక్షరాల్లోకి మార్చి, ఆ తరువాత సారాంశం తయారుచేసే ఒక యాప్‌ను చాలాకాలంగా వాడుతున్నాను. దాని మీద నాకున్న అభిమానమంతా ఒకే ఒక్క సౌకర్యం వల్ల కలిగింది. మాటలు అక్షరాల్లోకి వచ్చాక అది ఆగుతుంది. దిద్దుబాటు తెర వస్తుంది. ఏ పదం మీద వేలు పెడితే ఆ పదం పలికిన చోటి నుంచి రికార్డు వినిపిస్తుంది. నేను అనుమతి ఇచ్చాకే సారాంశం మొదలవుతుంది. అలా ఆగకుండా నేరుగా సారాంశం చేతికిచ్చే యాప్‌ను మినిట్స్ పనికి నేను ఇక వాడలేను.

ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. పాలను చల్లబరిచే కొత్త బల్క్ కూలర్ కొనే విషయం చర్చకు వచ్చిన రోజున మా అధ్యక్షులు అన్న మాట ఇది: "కూలర్‌కి బ్యాంకు లోను వద్దన్నారు మెంబర్లు. మూడున్నర లక్షలు మన రిజర్వులోంచే తీద్దామన్నారు." తెర మీదకు వచ్చిన పాఠం ఇలా ఉంది: "కూలికి బ్యాంకులోను వద్ద అన్నారు మెంబర్లు మూడు అన్న లక్షలు మన రిజర్వు లోంచే తీద్దాం అన్నారు." దిద్దకుండా వదిలితే ఏమవుతుందో చూద్దామని ఆ పాఠం నుంచే ఒకసారి సారాంశం తీయించాను. "కూలి చెల్లింపుల కోసం బ్యాంకులోను, రిజర్వులోను ఉన్న 3 లక్షలు తీయాలని సభ్యులు సూచించారు" అని వచ్చింది. కూలర్ పోయింది, అప్పు వద్దన్న నిర్ణయం పోయింది, యాభై వేలు పోయాయి. అయినా వాక్యం నున్నగా, ఏ లోపమూ కనబడకుండా ఉంది. "మూడు అన్న లక్షలు" అన్నది చదివినవారెవరికైనా తప్పని తెలిసిపోతుంది, సారాంశంలోని "3 లక్షలు" మాత్రం ఎవరికీ అనుమానం కలిగించదు. తప్పు జరిగిందనడానికి ఉన్న ఆనవాళ్ళను సారాంశం చెరిపేస్తుంది కాబట్టి, దిద్దవలసినదంతా దానికి ముందే దిద్దాలి.

అయితే విడిపోయిన ప్రతి పదాన్నీ కలపవలసిన అవసరం లేదు. "తీద్దాం అన్నారు", "రిజర్వు లోంచే", "చెల్లించ లేదు" వంటివి చూడటానికి బాగుండవు గాని, వాటివల్ల అర్థం మారదు, సారాంశమూ చెడదు. వాటిని వదిలేయడం అలవాటయ్యాక నా పని సగానికి సగం తగ్గింది. ఇలా విడిపోయిన వాటిలో నేను తప్పకుండా విని సరిచూసేవి రెండే రకాలు. ఒకటి, సంధిలో కలిసిపోయిన కాదు, లేదు, వద్దు వంటి వ్యతిరేకార్థాలు. "వద్దన్నారు" అన్నది "వద్ద అన్నారు"గా విడితే అందులోని నిరాకరణ పూర్తిగా మాయమవుతుంది. రెండవది, అరలతోను పావులతోను కూడిన సంఖ్యలు. "రెండున్నర", "మూడున్నర", "పావు తక్కువ ఆరు" వంటివి పాల లెక్కల్లో అడుగడుగునా వస్తాయి, వెన్న శాతం చెప్పేటప్పుడు మరీ ఎక్కువ.

ఇంగ్లీషు మాటల కోసం ఈ యాప్‌లో పదాల పట్టిక ఉంది. తప్పు రూపం ఒక వైపున, సరైన రూపం మరో వైపున రాసుకుంటే అన్ని చోట్లా తానే మారుస్తుంది. పాలలోని వెన్న కాని ఘనపదార్థాలకు వాడే మాట "ఎస్ అన్న ఎఫ్" అని వస్తే దాన్ని "ఎస్ఎన్ఎఫ్"గా, "ఫ్లాట్" అని వచ్చినదాన్ని "ఫ్యాట్"గా మార్చడంలో అది ఎప్పుడూ నిరాశపరచలేదు. మా సమావేశంలో ఫ్లాట్ల ప్రస్తావన ఎన్నడూ రాదు. చిక్కంతా తప్పు రూపం కూడా మంచి తెలుగు మాటే అయినప్పుడు వస్తుంది. "లోను"ను "లోన్"గా మార్చమని పట్టికలో రాస్తే, "మన ఊళ్లోను, పక్క ఊళ్లోను" అన్న చోట కూడా పదం లోపలికి దూరి "ఊళ్లోన్" చేసి పెడుతుంది. పదం విడిగా ఉన్నప్పుడే మార్చమనే వీలు ఉన్నా అది ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే విడగొట్టకూడని చోట విడగొట్టడమే మనం దిద్దుతున్న దోషం. "ఊరి లోను" అని విడిపోయి వస్తే అదీ అప్పుగా మారిపోతుంది. అందువల్ల మామూలు తెలుగులో మరో అర్థం లేని తప్పు రూపాలను మాత్రమే పట్టికలో ఉంచుతాను. "కూలి", "లోను" వంటివి కనబడిన ప్రతిచోటా వినవలసిందే.

ఇదే యాప్‌లో "పదాలను సరిచేయి" అనే మీట ఒకటి ఉంది. కలిసిపోయిన పొడవాటి పదాలను విడదీసి చదవడానికి అనువుగా పెడుతుంది. తొలిరోజుల్లో దీన్ని నలుగురికీ చూపించి మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ మీటను ముట్టుకోవడం లేదు. జిల్లా యూనియన్ నుంచి మేము అరువుకు తెచ్చుకున్న దాణా గురించి చర్చ జరిగినప్పుడు మా కార్యదర్శి "దాణా బాకీ ఈ నెల కట్టమన్నారు" అన్నారు. మీట నొక్కాక అది "దాణా బాకీ ఈ నెల కట్టం అన్నారు" అయింది. ఈ రెండో వాక్యంలో అక్షరదోషం లేదు, పదం ముక్కలవలేదు, అనుమానించడానికి ఏమీ లేదు. దాణా బాకీ ఉన్న సభ్యులు మా ఊళ్ళో ఎలాగూ ఉన్నారు కనుక, సభ్యులు బాకీ కట్టబోమన్నారని సారాంశం రాసినా నమ్మేవారే ఎక్కువ. నన్ను ఆపింది తరువాతి వాక్యం: "అందుకని చెక్కు రెడీ చేయాలి." కట్టబోమంటే చెక్కు ఎందుకన్న సందేహం వచ్చి రికార్డు విన్నాను. విన్నా తేలలేదు. కట్టండి అని అన్నారన్నా, కట్టము అని అన్నారన్నా, వేగంగా మాట్లాడేటప్పుడు నోటివెంట వచ్చేది "కట్టమన్నారు" అనే. చివరికి కార్యదర్శినే అడిగి, "ఈ నెల బాకీ చెల్లించమని యూనియన్ వారు కోరారు" అని కర్తతో సహా రాశాను. "ఇవ్వమన్నారు", "పొయ్యమన్నారు" అన్నవాటికీ ఇదే పరిస్థితి. ఇలాంటి చోట ఎవరు ఎవరితో అన్నారో దిద్దుబాటులోనే చేర్చకపోతే, సారాంశం రెండు అర్థాల్లో ఒకటి తానే ఎంచుకుంటుంది.

కనుక ఈ యాప్‌ను మెచ్చుకుంటూనే నా పరిస్థితి కూడా చెప్పాలి. మా సమావేశం నెలకొకటి, గంటన్నరకు మించదు. మాట్లాడేవారందరూ నాకు తెలిసినవారే, చర్చ జరుగుతున్నప్పుడు నేనూ ఆ గదిలోనే ఉంటాను, తేలని మాట ఉంటే మరునాడు పాల కేంద్రం దగ్గర అడగగలను. ఇతరులు పంపిన రికార్డులను రోజూ గంటల తరబడి దిద్దేవారికి ఇంత ఓపిక, ఇంత సమయం ఉండకపోవచ్చు. దిద్దుబాటు తెర ఉన్నా "కట్టమన్నారు" వంటివి వారికి తేలకపోవచ్చు. అలాంటివారు కొనేముందు తమ సొంత రికార్డు ఒకటి ఇచ్చి, అందులోని సంఖ్యలు, వ్యతిరేకార్థాలు ఎలా వచ్చాయో చూసుకోవాలి. సంస్థవారు "అన్నారు"తో ముగిసే పదాలకు వేరే రంగు వేసి చూపించే ఏర్పాటు చేస్తే నా పని ఇంకా తేలికవుతుంది. ఆ సంగతి వారికి రాశాను; ఇంకా జవాబు రాలేదు. అంతవరకు నెలవారీ చందాతోనే కొనసాగిస్తాను, ఏడాదికి ఒకేసారి కట్టను.